అమ్మకి స్కిజోఫ్రీనియా, ఇంట్లో పదకొండు మందిమి, చూసేది నేనొక్కదాన్నే. ఈ భారం ఎలా లెక్కేస్తారు?

లంక అమ్మాయి

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో ఒక లంక ఊరు. ఉమ్మడి కుటుంబం. పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ళబ్బాయి అంటే నాకు అన్నయ్య, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు, బాబాయి, పిన్ని, వాళ్ళ పాప, అమ్మ, నేను. నాన్న లేరు. తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. అమ్మకి 56 ఏళ్ళు. నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పటి నుంచీ ఈ జబ్బు ఉంది.

పోయిన నెల కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఒకమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి ఒక ఫారం పట్టుకుని ప్రశ్నలడిగింది. ఇంటి మీద ఎంత భారం పడుతోందో చూసే ఫారం అంది. పెదనాన్న జవాబులు చెప్పారు, నేను పక్కన కూర్చున్నా. మొత్తం 48కి 14 వచ్చింది. ఇంటికొచ్చాక పెదనాన్న అందరితో "పెద్దగా ఏం లేదంట, ఉమ్మడి ఇల్లు కాబట్టి నెట్టుకొస్తున్నాం" అన్నారు.

నాకైతే ఊపిరాడట్లేదు. అమ్మ నా చేతి వంట తప్ప తినదు. పిన్ని అన్నంలో మందు పెడుతోందని అనుమానం. నేను ముందు ఒక ముద్ద తిని చూపిస్తేనే కంచం ముట్టుకుంటుంది. రాత్రి రెండింటికి లేచి తలుపు గడియలు చూస్తూ తిరుగుతుంది, నేనూ లేవాలి. ఆ 14 ఎలా వచ్చింది? నిజంగా తక్కువేనా, లేక నేనే తట్టుకోలేకపోతున్నానా?

అంకెల సుబ్బు

చెల్లెమ్మా, ఆ ఫారం వదిలెయ్. జారిట్ స్కేల్ అని ఒకటి ఉంది, ప్రపంచమంతా అదే వాడతారు. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 88. నెట్‌లో దొరుకుతుంది, నువ్వే వేసుకో. 61 దాటితే తీవ్రం. దాటకపోతే టెన్షన్ అక్కర్లేదు.

కొబ్బరితోట

ఇంతమంది ఉన్న ఇంట్లో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఆవిడ్ని ఏదైనా హోమ్‌లో చేర్చేయడం అందరికీ మంచిది. ఏమీ అనుకోవద్దు.

పాలకొల్లు గృహిణి

@కొబ్బరితోట గారూ, ఆ అమ్మాయి అడిగింది అది కాదండి.

అమ్మా, మా ఆయనకి బైపోలార్. నీ బాధ నాకు తెలుసు. మాది వేరు కాపురం కాబట్టి కనీసం ఎవరూ "మేమంతా చూస్తున్నాం కదా" అనరు. నీకు ఆ మాట కూడా వినాల్సి వస్తోంది. మాత్రలు మింగుతున్నారా మీ అమ్మగారు? మా ఆయన మానేసినప్పుడు పప్పులో నలిపి కలిపేదాన్ని. బాగానే పనిచేసింది.

లంక అమ్మాయి

సుబ్బన్నా, అది కూడా వేశా. 58 వచ్చింది. అంటే తీవ్రం కాదా?

గృహిణి అక్కా, మాత్రలు నా చేత్తో ఇస్తే వేసుకుంటుంది, కానీ కొన్నిసార్లు దవడ కింద దాచి తర్వాత పెరట్లో ఉమ్మేస్తోంది. మొన్న అరటి మొక్క మొదట్లో తెల్లగా కరిగిన మాత్రలు కనిపించాయి.

పాత ఓపీ చీటీ

నేను మానసిక విభాగంలో సోషల్ వర్కర్‌గా చేసి రిటైరయ్యాను. ఇలాంటి ఫారాలు చాలామందిని అడిగి నింపాను కాబట్టి చెబుతున్నా.

మీకు వేసింది పాయ్, కపూర్ గార్లు బెంగళూరులో తయారుచేసిన కుటుంబ భారం ఫారం అయ్యుంటుంది. 1981 నాటిది. 24 ప్రశ్నలు, ఒక్కోదానికి 0, 1 లేదా 2, అందుకే 48. డబ్బు, ఇంటి రోజువారీ పని, తీరిక సమయం, ఇంట్లోవాళ్ళ మధ్య మాటామంతీ, ఒంటి ఆరోగ్యం, మనసు ఆరోగ్యం అని ఆరు భాగాలు. ఇవి కాక చివర్లో ఒక ప్రశ్న విడిగా ఉంటుంది: ఈ జబ్బు వల్ల మీరు ఎంత బాధపడ్డారు అని. ఆ మార్కు 48లో కలవదు. అదెంత వేశారో గుర్తుందా?

ఫారంలో తప్పేం లేదు. అది కుటుంబం మొత్తాన్ని ఒక మనిషిగా చూస్తుంది. చిన్న కుటుంబాల్లో పెద్దగా తేడా రాదు. ఉమ్మడి ఇంట్లో ఇంటిపెద్ద జవాబిస్తే మాత్రం భారం పదకొండు మంది మీద పరుచుకున్నట్టు కనిపిస్తుంది. మోసేది ఒకరే అయినా సరే. "ఇంట్లో ఎవరి సంపాదన అయినా పోయిందా?" అంటే ఆయన కొబ్బరి దింపు డబ్బులు లెక్కేసుకుని లేదంటారు. మీరు ఏదైనా ఉద్యోగం మానేశారా?

జారిట్ విషయం: అది మొదట మతిమరుపు జబ్బున్న ముసలివాళ్ళని చూసేవాళ్ళ కోసం తయారైంది. తర్వాత అన్ని జబ్బులకీ వాడుతున్నారు, ఫరవాలేదు. కానీ 41 నుంచి 60 అంటేనే మధ్యస్తం నుంచి తీవ్రం అని లెక్క. 61 కింద ఉంటే టెన్షన్ లేదనడం తప్పు సుబ్బు గారూ. పైగా మీరు వేసుకున్న మార్కు మీ పరిస్థితి చెబుతుందే గానీ ఏది మార్చాలో చెప్పదు.

లంక అమ్మాయి

ఆయ్ మేడమ్. ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేసేదాన్ని. అమ్మకి మళ్ళీ ఎక్కువయ్యాక మానేశా. బీఈడీ సీటు వచ్చినా చేరలేదు. అవి ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. చివరి ప్రశ్నకి పెదనాన్న "కొద్దిగా" అన్నారు.

పాత ఓపీ చీటీ

అయితే మీ ఒక్కరి జవాబులతో మళ్ళీ వేసి చూద్దాం. మీరు రాసినదాన్ని బట్టి నేను వేస్తున్నా, తప్పుంటే సరిచేయండి.

డబ్బులో ఆసుపత్రిలో 2 వేసుంటారు, మందుల ఖర్చుకి 1, ప్రయాణానికి 1. మీ లెక్కలో మీ జీతం పోవడానికి 2, బీఈడీ ఆగిపోవడానికి 2 కలిపితే 6. రోజువారీ పనిలో 5 కాస్తా 7 అవుతుంది, ఎందుకంటే రెండో వంట, రాత్రి కాపలా, మీ పనులన్నీ ఆగడం. తీరికలో 2 బదులు 5. ఇంటి వాతావరణం 4 నుంచి 5. ఒంటి ఆరోగ్యం 0 వేశారు, మీకు నడుంనొప్పో గ్యాస్ట్రిక్ సమస్యో ఉంటే 2. చివరిది మనసు ఆరోగ్యం, 1 బదులు 2. మొత్తం 27. ఆ ఫారమే, ఆ ఇల్లే. జవాబిచ్చిన మనిషి మారారు, అంతే.

ఇందులో ఇంకో సంగతుంది. చివరి భాగంలో రెండు ప్రశ్నలు. ఇంట్లో ఎవరైనా మనసు బాగోలేక డాక్టరు దగ్గరికి వెళ్ళారా అనేది ఒకటి, నిద్ర పట్టకపోవడం, దిగులు, చచ్చిపోవాలనిపించడం లాంటివి ఉన్నాయా అనేది రెండోది. వెళ్ళలేదు కాబట్టి మొదటిదానికి సున్నా. అంటే బయటికి వెళ్ళే వీల్లేని మనిషికే మార్కు తగ్గుతుంది. కాబట్టి ఈ 27 కూడా తక్కువ చెబుతోందనే నా అభిప్రాయం. దీనికి పాస్ మార్కంటూ లేదు. మూడు నెలల తర్వాత మిమ్మల్నే మళ్ళీ అడిగి ఏ భాగంలో తగ్గిందో చూసుకోవడానికే ఇది పనికొస్తుంది.

రెండో ప్రశ్న ఇప్పుడు నేనే అడుగుతున్నా, దాచకుండా చెప్పండి. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?

సచివాలయం సిస్టర్

ఈ మార్కులతోనే పింఛను వస్తుందా అని మా దగ్గరికి చాలామంది వస్తారు. రాదండి. పింఛనుకి చూసేది అమ్మగారి వైకల్యం శాతం. తన పని తాను చేసుకోగలరా, మాట్లాడగలరా, మనుషులతో మెలగగలరా, ఏదైనా పని చేయగలరా అని డాక్టరు విడిగా కొలుస్తారు. జబ్బు ఎన్నేళ్ళ నుంచి ఉందో దానికి కూడా మార్కులుంటాయి. 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వికలాంగుల పింఛను, నెలకు 6,000. వైకల్యం సర్టిఫికెట్ కోసం సదరం స్లాట్ బుక్ చేసుకోవాలి. పాత ఓపీ చీటీలు, డిశ్చార్జి కాగితాలు తప్పకుండా పట్టుకెళ్ళండి. అమ్మగారికి ఇప్పుడు వితంతు పింఛను 4,000 వస్తుంటే రెండూ రావు, మార్పించుకోవాలి.

లంక అమ్మాయి

థాంక్యూ సిస్టర్. వితంతు పింఛను వస్తోంది. అది పెదనాన్న చేతికే వెళుతుంది.

మేడమ్, చచ్చిపోవాలని కాదండి. ఒక్కోసారి తెల్లవారుజామున రేవు దగ్గర నిలబడితే, పంటు ఎక్కేసి ఎటైనా వెళ్ళిపోతే బాగుండు అనిపిస్తుంది. ఇవాళ మొదటిసారి ఎవరికైనా చెప్పడం.

పాత ఓపీ చీటీ

చెప్పి మంచిపని చేశారు. వెళ్ళిపోవాలనిపించడం వేరు, చచ్చిపోవాలనిపించడం వేరు. కానీ నిద్రలేకుండా నెలలు గడిస్తే మొదటిది రెండోదిగా మారడం చూశాను. ఈసారి కాకినాడ వెళ్ళినప్పుడు అమ్మ చీటీతో పాటు మీ పేరు మీద కూడా ఒక ఓపీ చీటీ రాయించండి. ఈలోపు ఏ రాత్రయినా ఆ ఆలోచన రూపు మారిందనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు.

ఇక ఏం మార్చాలి అన్నది. మీ జవాబుల్లో అన్నీ ఒకే చోటికి వస్తున్నాయి. అమ్మకి మీ చెయ్యి తప్ప వేరే చెయ్యి నమ్మకం లేదు. వంట మీదే, మాత్ర మీదే, రాత్రి మీదే. ఇంట్లోవాళ్ళు "ఆవిడ మమ్మల్ని రానివ్వదు కదా" అంటారు, అదీ అబద్ధం కాదు. కాబట్టి "అందరూ కలిసి చూసుకోండి" అంటే ఏదీ జరగదు. రెండో చెయ్యి ఒకటి తయారు చేయాలి. అమ్మ ఎవర్ని అనుమానించరు?

లంక అమ్మాయి

వదినని. వదిన ఇంటికి కొత్త కోడలిగా వచ్చినప్పుడు అమ్మ బాగానే ఉంది, జడ వేయించుకునేది. పిన్ని పేరెత్తితే చాలు మొహం మారిపోతుంది. పిన్ని కూడా ఊరుకోదు. "అంత తిండి తిని పొద్దంతా పడుకుంటుంది, అన్నీ వేషాలు" అని వినబడేలా అంటుంది.

పాత ఓపీ చీటీ

వదినతోనే మొదలుపెట్టండి. అన్నంతో మాత్రం వద్దు. కల్తీ చేయడానికి వీల్లేదని అమ్మ కళ్ళకి కనిపించేవి ముందు. మీ పెరట్లో ఉన్నదే, కొబ్బరి బొండం. వదిన అమ్మ ఎదురుగా నిలబడి కత్తితో చెక్కి, కన్నం పెట్టి అలాగే చేతికిస్తే అందులో ఎవరు ఏం కలిపారని అనుకుంటారు? తొక్క తీయని అరటిపండు, పెంకుతో ఉన్న ఉడికించిన గుడ్డు కూడా అంతే, అమ్మే ఒలుచుకోవాలి. మీరు మొదట్లో ఆ గదిలోనే ఉండండి, తర్వాత వసారాలో, తర్వాత పక్కింట్లో. అవి అలవాటయ్యాక వదిన అమ్మ ముందే కలిపిన టీ, ఆ తర్వాతే అన్నం. ఏ రోజైనా కాదంటే బలవంతం చేయకుండా వెనక్కి వచ్చి బొండం దగ్గర ఆగాలి. రుచి చూపించే ముద్ద కూడా ఒక్కసారిగా మానొద్దు, వదిన చేతి అన్నం తినడం మొదలయ్యాక అదే తగ్గుతుంది.

వదినకి ఇద్దరు పిల్లలున్నారు. ఆవిడ నెత్తిన ఇంకో పని పెడుతున్నామని మర్చిపోవద్దు. ఆ గంటసేపు ఆవిడ పిల్లల్ని మీరో పెద్దమ్మో చూడాలి. లేకపోతే ఇది మొదటి వారంలోనే ఆగిపోతుంది.

పాలకొల్లు అమ్మా, పప్పులో కలపడం గురించి. మీ ఆయనకి ఇబ్బంది రాలేదేమో గానీ ఇక్కడ మాత్రం అస్సలు వద్దు. అన్నంలో మందు పెడుతున్నారన్నదే ఈవిడ అనుమానం. ఒక్కసారి నాలుకకి చేదు తగిలిందా, అనుమానం నిజమైపోతుంది, అదీ కూతురి చేతిలో. ఉన్న ఒక్క చెయ్యీ పోతుంది. ఇంకా, కొన్ని మాత్రలు నలపకూడదు కూడా.

పాలకొల్లు గృహిణి

అది ఆలోచించలేదండి. అయినా మాత్రలు మానేసి మనిషి రోడ్డెక్కితే చూస్తూ కూర్చోవాలా? మా డాక్టరుకి కూడా నేను కలుపుతున్నానని తెలుసు, ఏమీ అనలేదు.

పాత ఓపీ చీటీ

దీని మీద డాక్టర్లలోనే ఒక మాట లేదమ్మా, నేను తీర్పు చెప్పను. ఈ ఇంట్లో ఏం జరుగుతుందో అదే చెబుతున్నా. దాచి ఉమ్మేసేవాళ్ళకి వేరే దారి ఉంది. నోట్లో పెట్టగానే కరిగిపోయే మాత్రలు కొన్ని మందుల్లో వస్తాయి. అవి కాకపోతే రెండు నుంచి నాలుగు వారాలకి ఒకసారి వేసే నూనె ఇంజెక్షన్. చేతులు వణకడం, కండరాలు బిగుసుకోవడం లాంటివి రావచ్చు, అందరికీ పడదు, అమ్మతో మాట్లాడి ఒప్పించాలి. కానీ పడితే రోజూ మాత్ర దగ్గర జరిగే యుద్ధం ఆగుతుంది. అరటి మొక్క దగ్గర చూసిన మాత్రల సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే మందు పనిచేయట్లేదనుకుని డోసు పెంచుతారు.

దోహా నుంచి

నేను కూడా ఇలాంటి తమ్ముణ్ణే, మా అక్క చూసుకుంటోంది నాన్నని. నెల నెలా డబ్బు పంపుతున్నా, అయినా అక్క ఫోన్‌లో ముభావంగా మాట్లాడుతుంది. ఇంకేం చేయాలో నిజంగా అర్థం కాదు. డబ్బు కూడా సాయమే కదా?

పాత ఓపీ చీటీ

సాయమే. ఆ డబ్బు ఎవరి చేతికి వెళుతోందో కనుక్కోండి. ఇంటి ఖర్చులో కలిసిపోతే అక్కకి ఒక గంట నిద్ర కూడా రాదు. ఊళ్ళో నమ్మకస్తురాలైన ఒకావిడ్ని వారానికి కొన్ని రాత్రులు పడుకోవడానికి పెట్టుకోమని, ఆ జీతానికని విడిగా పంపండి. రెండోది, సెలవు. సంక్రాంతికి చుట్టపుచూపుగా రాకుండా, మీరొచ్చిన రోజుల్లో నాన్న పని మొత్తం మీరు చేసి అక్కని ఊరు పంపండి. ఆవిడ రోజు ఎలా గడుస్తుందో అప్పుడే తెలుస్తుంది.

అంకెల సుబ్బు

ఒకటి అడుగుతా మేడమ్. ఆ పిన్ని గారి సంగతేంటి? ఆవిడ నోరు మూయించకుండా ఏం చేసినా లాభం లేదనిపిస్తోంది. నెట్‌లో చదివా, ఇంట్లో తిట్లు ఎక్కువైతే జబ్బు తిరగబెడుతుందట.

పాత ఓపీ చీటీ

ఈసారి సరిగ్గా చదివారు సుబ్బు గారూ. సూటిపోటి మాటలు, కోపం, అతిగా వెంటపడి చూసుకోవడం ఎక్కువగా ఉన్న ఇళ్ళలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని చాలా దేశాల్లో తేలింది. ఆ ఇంట్లోవాళ్ళతో రోగి గడిపే సమయం వారానికి 35 గంటలు దాటితే ఇంకా కష్టం. అందులో అతిగా వెంటపడటం కూడా ఉందని గమనించండి, ఆ మాట కూతురికి కూడా.

పిన్నిని దోషిని చేస్తే ఇల్లు రెండు ముక్కలవుతుంది. పొద్దంతా పడుకోవడం వేషం కాదు. జబ్బులో అది ఒక భాగం, కొంత మందుల మత్తు కూడా. ఈ మాట మీరు చెబితే పిన్ని వినదు, డాక్టరు చెబితే వింటుంది. తర్వాతిసారి ఆసుపత్రికి పెదనాన్న బదులు బాబాయినీ పిన్నినీ తీసుకెళ్ళండి. అమ్మ ఉన్న ఆటోలో కాదు, వేరుగా బస్సులో.

ఇంట్లో పంచేటప్పుడు "ఎవరో ఒకరు" అనే మాట రానివ్వకండి. బుధవారం, ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు వదిన. వారంలో రెండు రాత్రులు గడియల దగ్గర అన్నయ్య వసారాలో పడుకోవాలి, ఆ రాత్రి మీరు పెద్దమ్మ గదిలో. ఆసుపత్రికి వెళ్ళేది, మందులు తెచ్చేది బాబాయి. వంటింటి క్యాలెండరు మీద పేర్లు రాయండి, జరగని రోజు కొట్టేయండి. నెలాఖరున పెదనాన్నకి ఆ క్యాలెండరు చూపించండి. ఆయన కొబ్బరికాయల లెక్క రాసుకునే మనిషైతే దీన్నీ చదువుతారు.

సచివాలయం సిస్టర్

ఒకటి కలుపుతా. లంక ఊరు అన్నారు కాబట్టి, జులై, ఆగస్టుల్లో వరద వస్తే పడవలే దిక్కు. జూన్‌లోనే రెండు వారాల మందులు అదనంగా ఇంట్లో ఉంచుకోండి. మందులు ఆగాక మళ్ళీ మొదలుపెట్టడం ఎంత కష్టమో మా ఊళ్ళో చూశా.

లంక అమ్మాయి

నిన్న బొండం ప్రయత్నించామండి. వదిన కొట్టి ఇచ్చింది. అమ్మ చాలాసేపు కన్నంలోకి చూసింది, తర్వాత తాగింది. నేను గుమ్మంలోనే ఉన్నా. ఇవాళ మాత్రం వద్దంది, నేనిస్తే తాగింది.

పిన్ని ఆసుపత్రికి రానంది. పెదనాన్నకి 27 చూపించా. "ఆ ఫారం నువ్వేస్తే అంతే వస్తుంది" అన్నారు. అన్నయ్య రాత్రులకి సరేనన్నాడు, ఇంకా పడుకోలేదు. తమ్ముడికి ఈ చర్చ లింకు పంపా, చూశాడు, జవాబు లేదు.

ఒక్కటి అడగాలి. రాత్రి అమ్మ లేచినప్పుడు ఎప్పటివరకు మేం చూసుకోవాలి, ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి?

పాత ఓపీ చీటీ

ఒక రోజు తాగి ఒక రోజు వద్దనడం మామూలే, అక్కడే ఉండండి.

రోజూ రెండింటికి లేచి గడియలు చూడటం అమ్మకి ఇప్పుడు అలవాటు, దానికి పరిగెత్తక్కర్లేదు. అంతకు ముందు లేనిది ఏం కొత్తగా వచ్చిందో చూడాలి. క్రితంసారి ఎక్కువయ్యే ముందు వారం పది రోజుల్లో ఏం మారిందో మీరూ వదినా కూర్చుని గుర్తు తెచ్చుకోండి. ఒకరికి స్నానం మానేయడం, ఒకరికి టీవీలో తన గురించి చెబుతున్నారనడం, ప్రతి మనిషికీ వాళ్ళ గుర్తులు వాళ్ళకుంటాయి. అవి కనిపించి, రెండు రాత్రులు వరసగా అసలు నిద్రపోకపోతే మూడో రోజు పొద్దున్నే డాక్టరు దగ్గరికి. మీ చేతి అన్నం కూడా మానేసినా, కత్తి దగ్గర పెట్టుకున్నా, పిన్ని మీదికి వెళ్ళినా రెండు రాత్రులు ఆగకండి, 108కి ఫోన్ చేయండి. బొండం కొట్టే కత్తి పని అయ్యాక తాళంలో పెట్టమని వదినకి చెప్పండి.

లంక అమ్మాయి

క్రితంసారి ముందు రేడియో కట్టేసి గుడ్డలో చుట్టింది. ఇప్పుడే గుర్తొచ్చింది. రాసి పెడతా.

దోహా నుంచి

మేడమ్, మార్చిలో నెల రోజులు సెలవు అడిగా. అక్కకి ఇంకా చెప్పలేదు. నాన్నకి నా చేతి మాత్ర వేసుకునే అలవాటు లేదు, నేనొచ్చే ముందే ఏదైనా మొదలుపెట్టొచ్చా?

పాత ఓపీ చీటీ

అక్కకి ముందు చెప్పండి, తేదీతో సహా. రోజూ మాత్ర వేసే వేళకి వీడియో కాల్ చేసి నాన్నతో వేరే సంగతులు మాట్లాడండి, మాత్ర ఊసెత్తకుండా. ఆ వేళకి మీ మొహం కనిపించడం ఆయనకి అలవాటు కావాలి. మిగతాది వచ్చాక.